దేవతకి కూలి ఉండదు



ఉద్యమాల గురించి, తీర్పుల గురించి, సిలబస్‌ల గురించి రాస్తూ వస్తున్న ఈ వరుసలో ఈసారి అమ్మానాన్నల పుట్టినరోజు పోస్టు గురించి రాస్తున్నాను. ఇది కూడా ఒక విషయమేనా అని కొందరు నవ్వుకోవచ్చు. కానీ మన పిల్లలు అందరికంటే ఎక్కువమంది చదివేలా రాసేది ఈ పోస్టే. కవిత రాయని వాళ్లు, కథ రాయని వాళ్లు, సభలో మైకు ముట్టని వాళ్లు కూడా అమ్మ గురించి ఏడాదికి ఒకసారి పది వాక్యాలు రాస్తారు. మన ఇళ్లలో మొదటి తరం చదువుకున్న వాళ్లు తమ తల్లిదండ్రుల గురించి నలుగురి ముందు పెట్టే మొదటి రాత చాలాసార్లు అదే అవుతుంది. ఆ రాతలో మన తల్లులు కనబడకుండా పోతున్నారన్నది నా గొడవ.

మొన్న ఒక విద్యార్థి తన పోస్టు ముందుగా చూపించాడు. అందులో అమ్మ కనిపించే దేవత, త్యాగమూర్తి, కొవ్వొత్తిలా కరిగి వెలుగిచ్చింది, ఆమె రుణం ఏడు జన్మలెత్తినా తీరదు, ఆమె పాదాలకి వందనం అని ఉంది. కింద ఫొటో. పిల్లవాడి ప్రేమలో అబద్ధమేమీ లేదు. నేను ఒక్కటే అడిగాను: "ఈ ఫొటో తీసేసి మీ కాలేజీ కరస్పాండెంటు గారి అమ్మ ఫొటో పెడితే, ఇందులో ఏ వాక్యం మార్చాలి?" కాసేపు చదువుకుని, ఏదీ మార్చక్కర్లేదన్నాడు.

జబ్బు అక్కడే ఉంది. పదెకరాల మాగాణి ఉన్న ఇంట్లో తల్లికీ, ఆ మాగాణిలో నాట్లేసిన తల్లికీ ఒకే పోస్టు సరిపోతోందంటే, ఆ పోస్టు ఇద్దరి మధ్య ఉన్నదాన్ని తుడిచేసిందని అర్థం. తుడుపుడులో నష్టపోయేది ఎప్పుడూ రెండో ఆమే.

త్యాగం అనే మాట దగ్గర కాసేపు ఆగుదాం. త్యాగమంటే తన దగ్గరున్నదాన్ని తనంతట తాను వదులుకోవడం. వదులుకోవడానికి ముందు ఉండాలి, వదులుకోకుండా ఉండే వీలూ ఉండాలి. మన తల్లులు బడి మానేసింది త్యాగం కోసం కాదు, తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి ఇంకో మనిషి లేక, కూలికెళ్లకపోతే ఆ పూట గడవక. రోజుకి మగమనిషి కూలి కంటే తక్కువ తీసుకున్నది త్యాగం కాదు, అంతే ఇచ్చారు. ఆమె నుంచి తీసుకున్నదాన్ని ఆమె వదులుకున్నట్టు రాస్తే తీసుకున్నవాడు వాక్యంలోంచి జారిపోతాడు. తెలుగు వ్యాకరణంలో కర్త లోపించిన వాక్యం ఉంటుంది. మన పుట్టినరోజు పోస్టుల్లో దోపిడీకి కర్త లోపించింది.

దేవత అనడం దానికంటే పెద్ద మోసం. దేవతకి ఆకలి లేదు, నడుంనొప్పి లేదు, కోపం లేదు. ముఖ్యంగా దేవతకి కూలి లేదు. పూజ చేస్తే సరిపోతుంది. పల్లెలో తల్లిని మనిషిగా చూడని సమాజానికి, పోస్టులో ఆమెను దేవతగా చూడ్డం చాలా తేలిక. పైసా ఖర్చు లేదు. ఆమె మనిషి అని ఒప్పుకుంటేనే లెక్కలు బయటికొస్తాయి.

దీనికి ఒక ఎదురు ప్రశ్న వస్తుంది. బాబాసాహెబ్ కూడా తల్లిదండ్రుల త్యాగాన్ని తలుచుకున్నారు కదా అని. అవును. 1923లో వచ్చిన 'ది ప్రాబ్లం ఆఫ్ ద రుపీ' పుస్తకాన్ని ఆయన అమ్మానాన్నలకే అంకితమిచ్చారు. కానీ ఆ అంకితం చూడండి. వాళ్ల త్యాగాలకీ, వాళ్లు చూపిన వివేకానికీ కృతజ్ఞత చెబుతూ, అది ఏ విషయంలోనో కూడా చెప్పారు: తన చదువు విషయంలో. తల్లిదండ్రుల్ని కరిగిపోయిన వాళ్లుగా మాత్రమే కాదు, తెలివైన వాళ్లుగా గుర్తుపెట్టుకున్నారు. ఒకే వాక్యంలో రెండు పనులు. మన పోస్టుల్లో కరగడం ఉంటుంది, తెలివి ఉండదు.

వై.బి. సత్యనారాయణ గారి పుస్తకం పేరు కూడా గుర్తుచేసుకోండి. ఇంగ్లీషులో 2011లో వచ్చింది, తెలుగులో 'మా నాయన బాలయ్య'. రైల్వేలో చిన్న ఉద్యోగం చేసి పిల్లల్ని చదివించిన తండ్రి కథ. ఆ పేరులో విశేషణం లేదు. మహనీయుడు లేడు, త్యాగధనుడు లేడు. బంధుత్వం ఉంది, పేరు ఉంది. మిగతాదంతా లోపల పనులుగా, ఊళ్లుగా, స్టేషన్లుగా ఉంది.

సరే, మరి ఎలా రాయాలి? నేను మా అమ్మకి రాసిన పోస్టు ఎలా తయారైందో మొదట్నుంచీ చెబుతాను. నీతులకంటే అది నయం.

మొదటి చిక్కు తేదీతోనే. మా అమ్మ ఆధార్‌లో 1965 జనవరి 1 అని ఉంది. మీలో చాలామంది ఇళ్లలో ఇదే తేదీ ఉంటుంది. కాగితం లేని మనిషి వయసు మాత్రమే చెబితే, సంవత్సరం లెక్కకట్టి జనవరి 1 అని వేసేశారు. బడికెళ్లిన తరానికి ఈ పని హెడ్‌మాస్టర్లు చేశారు, వాళ్లకి ఇష్టమైనవి జూన్, జూలై నెలల ఒకటో తేదీలు. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది, అది మా పల్లె మంత్రసాని దాకా రావడానికి ఇంకెన్నాళ్లు పట్టిందో మీకూ తెలుసు. అందుకే జనవరి 1న మన వాళ్ల గోడలన్నీ పుట్టినరోజు శుభాకాంక్షలతో నిండిపోతాయి. అది వాళ్లు పుట్టిన రోజు కాదు, వాళ్ల పుట్టుకని ఎవరూ రాసుకోలేదని చెప్పే రోజు.

నేను అమ్మ వయసు మళ్లీ వెతికాను. జనాభా లెక్కలకి వచ్చేవాళ్లు వయసు తెలియని పెద్దవాళ్లని అడిగే పద్ధతే ఇది: ఏడాది అడక్కూడదు, అందరికీ గుర్తున్న సంఘటన అడగాలి. అప్పుడు నువ్వెంత ఉన్నావు అని అడగాలి.

మాది సాగర్ కుడికాలవ కింద ఊరు. మా పెద్దమ్మకి అమ్మ పుట్టడం గుర్తుంది. "మన కాలవకి నీళ్లొచ్చిన ఏడు, మిరపకాయలు కల్లంలో ఉన్నప్పుడు" అంది. నాగార్జునసాగర్ కాలవలకి నీళ్లు వదిలింది 1967 ఆగస్టు 4న. అది అమ్మ పుట్టిన ఏడాది అనుకుంటే తప్పు. మా ఊరు కాలవ చివర ఉంది, నీళ్లు మాదాకా రావడానికి ఇంకో రెండేళ్లు పట్టిందని ఊళ్లో పెద్దవాళ్లు అంటారు. అంటే 1969 వానాకాలం. మిరపకాయలు కల్లంలో ఎండేది ఫిబ్రవరి, మార్చి నెలల్లో. కాబట్టి 1970 మొదట్లో.

ఒక్క మనిషి జ్ఞాపకం మీద నిలబడకూడదు. రెండో గుర్తు కావాలి. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19. ఆ రాత్రి గాలికి మా వైపు కూడా ఇళ్ల మీద కప్పు లేచిపోయింది. అప్పుడు నువ్వెట్టా ఉన్నావమ్మా అంటే, "పై పళ్లు రెండూ ఊడిపోయి కొత్తవి సగం వచ్చినయ్యి, నన్ను చూసి మా అన్న నవ్వేవాడు" అంది. పిల్లలకి పై ముందు పళ్లు ఊడి కొత్తవి రావడం ఆరు నుంచి ఎనిమిదేళ్ల మధ్య జరుగుతుంది. అంటే 1969 చివర నుంచి 1971 మధ్య పుట్టి ఉండాలి. రెండు గుర్తులూ కలిపితే 1970 లేదా 71, కల్లాల రోజులు. అంతకంటే దగ్గరికి వెళ్లలేను, వెళ్లినట్టు నటించను. నిజాయితీగా తెలిసింది ఇంతే: ఆధార్ మా అమ్మకి ఐదేళ్లో ఆరేళ్లో ఎక్కువ వేసింది. ఈ మాట చెబితే అమ్మ నవ్వింది. "పోనీలే, పింఛనీ ముందొస్తదిగా. దిద్దమాక" అంది.

కాబట్టి మా ఇంట్లో పోస్టు జనవరిలో పెట్టం. మిరపకాయలు ఎర్రగా కల్లంలో పరిచిన ఏదో ఒక ఆదివారం పెడతాం. అమ్మ పుట్టినరోజుకి ఒక రంగు, ఒక ఘాటు ఉన్నాయని తేదీ వెతికితేనే తెలిసింది. మీరూ మీ ఇంట్లో వెతకండి. ఆ వెతుకులాటలోనే పోస్టు సగం తయారవుతుంది, ఎందుకంటే సంఘటన అడిగితే మనిషి తన కథ చెబుతుంది.

రెండోది, ఏం అడగాలి. "నీ కష్టాలు చెప్పమ్మా" అంటే ఏమీ రాదు. "ఏముంది, అందరి లాగానే" అంటుంది. కష్టం అనేది మనం బయట నుంచి పెట్టే పేరు. లోపలున్న మనిషికి అది పని, కూలి, రోజు. అందుకని పని గురించి అడగాలి. మొదటి కూలి ఎంత? డబ్బుగానా, గింజలుగానా? ఎవరు కొలిచారు? ఏ పనిలో నీ అంతటి వాళ్లు ముఠాలో లేరు? నువ్వు ఎవరినైనా ఎదిరించి తిట్టావా? ఈ చివరి రెండు ప్రశ్నలు మర్చిపోవద్దు. మనం అమ్మల్ని ఓర్పు గురించే అడుగుతాం. నైపుణ్యం గురించి, కోపం గురించి అడగం.

అడిగే తీరు కూడా ముఖ్యం. ఫోను ఎదురుగా పెట్టి రికార్డు నొక్కితే అమ్మ బిగుసుకుపోతుంది. నేను చింతపండు గింజ తీస్తున్నప్పుడు పక్కన కూర్చుని అడిగాను. చేతులకి పని ఉంటే మాట తనంతట తాను వస్తుంది. ఒక్క రోజులో కాదు, నాలుగు సాయంత్రాలు పట్టింది.

ఏ పనిలో నీ అంతటి వాళ్లు లేరు అంటే అమ్మ ఏమాత్రం మొహమాటపడలేదు. "తాలు ఏరడంలో" అంది. తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. కల్లంలో ఎండిన మిరపకాయల్లో రంగు పోయి తెల్లబారినవి ఉంటాయి, వాటిని తాలు కాయలంటారు. మంచికాయలో తాలు కలిస్తే గుంటూరు యార్డులో ధర పడిపోతుంది. టిక్కీలకి ఎత్తేముందు ఆడవాళ్లు కల్లంలో కూర్చుని ఒక్కొక్కటీ ఏరి పారేస్తారు. అమ్మ ఇంకోటి కూడా చేసేది. గుప్పెడు కాయలు తీసి చెవి దగ్గర ఆడించేది. లోపల గింజ గలగలమంటే ఎండినట్టు. చప్పుడు మొద్దుగా ఉంటే తేమ ఉన్నట్టు, అట్లాగే కట్టేస్తే బూజు పడుతుంది. కాయ అమ్మవచ్చా లేదా అన్నది ఆసామి మా అమ్మ చెవిని అడిగి తేల్చుకునేవాడు. కానీ కూలి ఇచ్చేటప్పుడు అది నైపుణ్యం కాదు, ఆడకూలి.

ఎవరినైనా ఎదిరించావా అన్న ప్రశ్నకి వచ్చింది అసలు కథ. అది 1998. నేను నాలుగో తరగతి. మిరప కోతకి మా మాదిగపల్లె నుంచి పన్నెండు మంది ఆడవాళ్ల ముఠా వెళ్లేది. రోజుకి ఇరవై ఐదు రూపాయలు, లెక్క చివర్లో. మా ఇంటి వెనక గోడ మీద బొగ్గు గీతలు ఉండేవి. నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డంగా. అది అమ్మ పనిదినాల లెక్క. ఆసామి పుస్తకంలో పదకొండు రోజులు తేలాయి. గోడ మీద పద్నాలుగు. పన్నెండు మందికి మూడు రోజుల చొప్పున తొమ్మిది వందల రూపాయలు తేడా.

పుస్తకంలో రాసి ఉందన్నాడు ఆసామి. గోడ మీద కూడా రాసి ఉందంది అమ్మ. మర్నాడు ముఠా చేనికి వెళ్లలేదు. చెట్టు మీద రెండో కోతకి కాయ ఎర్రబడి ఉంది, కోయకపోతే చెట్టు మీదే పాడవుతుంది. ఆ సంగతి ఆసామికి ఎంత తెలుసో ఆడవాళ్లకీ అంతే తెలుసు. రెండు రోజులు చర్చి ముందు వేపచెట్టు కింద కూర్చున్నారు. మూడో రోజు పొద్దున్నే డబ్బులు వచ్చాయి. ముందుగా లెక్కపెట్టి తీసుకుని, ఆ తర్వాతే బుట్టలెత్తారు.

నా సర్టిఫికెట్లలో ఎక్కడ చూసినా తల్లి చదువు దగ్గర నిరక్షరాస్యురాలు అని ఉంటుంది. ఇన్నేళ్లు తెలుగు సాహిత్యం చదివి, డాక్టరేటు తీసుకుని చెబుతున్నాను, నేను చూసిన మొదటి నిఖార్సయిన రాత ఆ గోడ మీదిది. ఒక రాతకి ఎదురుగా ఇంకో రాత నిలబెట్టి గెలవడం నాకు ఏ విమర్శ గ్రంథమూ నేర్పలేదు. ఈ సంగతి "త్యాగమూర్తి" అనే మాటలో ఎక్కడ పడుతుంది? పట్టదు. ఆ మాట కావాలంటే ఆ గోడకి సున్నం కొట్టేయాలి.

మూడోది, మన వైపు నుంచే జరిగే పొరపాటు. ఇది ఉద్యమంలో ఉన్నవాళ్లకి చెబుతున్నాను. దేవతని వదిలేశాక మనలో కొందరు ఇంకో మూసలో పడతారు. చిరిగిన చీర, పస్తులు, పగిలిన కాళ్లు, చివర్లో "అలాంటి తల్లి కడుపున పుట్టి నేను ఇవాళ ఇక్కడ నిలబడ్డాను". ఇది చదివి కన్నీళ్లు పెట్టుకునే వాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లకి మన పేదరికం చూడ్డం ఇష్టం, మన లెక్క వినడం ఇష్టం ఉండదు. పైగా ఆ పోస్టు అమ్మది కాదు, మనది. అమ్మ అందులో నిచ్చెన.

దీనికి ఒక పరీక్ష ఉంది, చాలా మోటు పరీక్ష. రాసింది తీసుకుని ప్రతి వాక్యంలో పని చేసింది ఎవరో గుర్తుపెట్టండి. నేను చదివాను, నేను గెలిచాను, నన్ను చదివించింది, నా కోసం ఏడ్చింది. ఇవన్నీ "నేను" లెక్కలో వేయండి. ఆమె ఏరింది, ఆమె లెక్కపెట్టింది, ఆమె తిట్టింది, ఆమె నవ్వింది. ఇవి ఆమె లెక్కలో వేయండి. నేను ఆమెను మించితే పోస్టు మళ్లీ రాయండి. అది మీ పుట్టినరోజుకి దాచుకోవచ్చు.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. పెట్టేముందు ఆమెకి చదివి వినిపించాలి. చదువు రాని తల్లి గురించి, ఆమె చదవలేని చోట, ఆమె ఎరగని వెయ్యి మంది ముందు రాస్తున్నాం. ఆమెకి తెలియకుండా ఆమె ఆకలిని బయటపెట్టే హక్కు మనకి కడుపున పుట్టినంత మాత్రాన రాదు. నేను చదివితే అమ్మ మూడు మార్పులు చెప్పింది. "ఊరి పేరు రాయమాక తల్లీ, ఆయన కొడుకు ఊళ్లోనే ఉన్నాడు, మీ తమ్ముడు ఆ దారినే తిరగాలి" అంది. తీసేశాను. "నా పేరు కూడా వద్దు" అంది. తీసేశాను. మూడోది, మా నాయన గురించి ఒక ముక్క ఉంది, అది తీసేయాలా అని నేనే అడిగితే, "అది ఉండనియ్యి, ఆయనకి కూడా పేరొస్తది" అంది.

ఊరి పేరు ఎందుకు తీసేయాల్సి వచ్చిందో కూడా ఆ పోస్టులో భాగమే. 1998లో తొమ్మిది వందలు వసూలు చేసిన మనిషి ఇవాళ్టికీ ఊరి పేరు చెప్పడానికి ఆలోచించాల్సి వస్తోంది. స్పష్టంగా రాయమంటున్నాను కదా అని మీ వాళ్లని ప్రమాదంలో పెట్టకండి. ఊరి పేరు లేకపోయినా బొగ్గు గీతలు ఉంటాయి. పేరు లేకపోయినా చెవి దగ్గర గలగల ఉంటుంది. ఆమె వద్దంటే అసలు పోస్టే వద్దు. ఇంట్లో చదివి వినిపించింది చాలు.

చివరికి పెట్టిన పోస్టు ఇది.

"ఇవాళ మా అమ్మ పుట్టినరోజు అని మేమే అనుకున్నాం. ఆధార్‌లో వేరే తేదీ ఉంది, దాన్ని అమ్మ దిద్దొద్దంది. పెద్దమ్మ చెప్పినదాన్ని బట్టి కల్లంలో మిరపకాయలు ఎండుతున్నప్పుడు పుట్టింది. యాభై అయిదు దాటింది.

అమ్మ ఎండుమిరపకాయని చెవి దగ్గర ఆడించి, కట్టొచ్చో లేదో చెబుతుంది. తాలు ఏరడంలో తన తర్వాతే ఎవరైనా అని తనే అంటుంది. ముఠాలో మిగతావాళ్లు కాదనరు.

కోత రోజుల్లో అమ్మ చేతులు మండేవి. ఆముదం రాసుకున్నా తగ్గేది కాదు. పాలు తాగే తమ్ముడు గుక్కపట్టి ఏడ్చినా ఎత్తుకునేది కాదు, వాడి కళ్లకి తగులుతుందని దూరంగా కూర్చుని పాట పాడేది. ఆ నెలంతా రాత్రిపూట మా నాయన అన్నం కలిపి అమ్మ నోట్లో ముద్దలు పెట్టేవాడు. చారు చాల్లేదని అమ్మ తిట్టేది.

1998లో ఒక ఆసామి పుస్తకంలో మూడు రోజులు తగ్గాయి. అమ్మ మా వెనక గోడ చూపించింది. పన్నెండు మందితో వేపచెట్టు కింద రెండు రోజులు కూర్చుని తొమ్మిది వందలు రాబట్టింది. తన వాటా డెబ్బై అయిదు రూపాయల్లో నలభైకి చెప్పులు కొనుక్కుంది. మాకు కాదు, తనకి. ఎర్ర పట్టీలు ఉన్నవి.

అమ్మా, పుట్టినరోజు శుభాకాంక్షలు. గోడ మీది లెక్క నాకు గుర్తుంది."

ఇందులో గొప్ప మాట ఒక్కటి లేదు. ఏ ఇంకో తల్లి ఫొటో పెట్టినా ఇది చెల్లదు. చెప్పుల సంగతి నేను అడిగినదానికి వచ్చిన జవాబు కాదు. చదివి వినిపిస్తుంటే, "డబ్బులేం చేశానో రాయలేదేం" అని అమ్మే గుర్తుచేసి చెప్పింది. తల్లి తన కోసం ఒక్కటి కొనుక్కున్నది ఎన్ని పోస్టుల్లో చూశారు? పిల్లల కోసమే బతికిందని రాయడం మనకి అలవాటైపోయింది. ఆమె ఎర్ర పట్టీల చెప్పులు వేసుకుని నడిచిందని రాస్తే ఆమె గౌరవం తగ్గదు.

అమ్మానాన్నలు పోయిన వాళ్లు అడుగుతారు, మేం ఎవరిని అడగాలి అని. వాళ్లతో పనికెళ్లిన మనుషుల్ని అడగండి. ముఠాలో, రిక్షా స్టాండులో, చెరువు పనిలో పక్కన ఉన్నవాళ్లు ఇంకా ఉన్నారు. ఇంట్లో వాళ్లకి తల్లి తెలుసు, పనిలో వాళ్లకి మనిషి తెలుసు. కానీ వాళ్లూ ఎక్కువ రోజులు ఉండరు. మా ఇంటి వెనక గోడ ఇప్పుడు లేదు. కాలనీ ఇల్లు వచ్చినప్పుడు పడగొట్టారు. అమ్మకి గుర్తుండబట్టి అది ఈ పోస్టులో ఉంది.

మన తల్లిదండ్రుల పుట్టుకని ఏ రిజిస్టరూ రాసుకోలేదు. వాళ్ల పనిని ఆసామి పుస్తకం తగ్గించి రాసింది. ఇప్పుడు రాసే చెయ్యి మన దగ్గర ఉంది. దాంతో దేవత, త్యాగం, కొవ్వొత్తి అని రాస్తే ఆ పుస్తకం పక్కనే మనమూ కూర్చున్నట్టు. ఎన్ని రోజులు, ఎంత కూలి, ఏ పని, ఎవరి మీద కోపం, దేనికి నవ్వు, ఇవి రాయండి. వాళ్ల ముందు చదవండి. వాళ్లు దిద్దితే దిద్దుకోండి.

జై భీమ్.